నలుగురుండే ఫ్లాట్‌కు ఒక్క కాగితం

కూకట్‌పల్లిలో మా మూడు పడగ్గదుల ఫ్లాట్‌ని ఉద్యోగాలు చేసుకునే పిల్లలకి ఏళ్ల తరబడి అద్దెకిస్తున్నాను. అద్దె ఎగ్గొట్టినవాళ్లు దాదాపు లేరు. సింకులో గిన్నెల దగ్గర, హాల్లో పడుకున్న చుట్టాల దగ్గర మాట పెరిగి విడిపోయిన స్నేహితులు మాత్రం చాలామందే ఉన్నారు. అందుకే తాళంచెవులు ఇచ్చే రోజే నలుగురినీ కూర్చోబెట్టి ఇంటి పద్ధతులు రాయిస్తాను.

1. ఈ కాగితం ఓనరు రాసేది కాదు, ఉండేవాళ్లు రాసుకునేది. అద్దె, అడ్వాన్సు, ఇంట్లో ఎంతమంది ఉండాలి అన్నవి అగ్రిమెంటులో ఉంటాయి. గేటు దగ్గర రిజిస్టరు, పార్కింగు అసోసియేషన్ చూసుకుంటుంది. వాటికి విరుద్ధంగా ఏదీ లేకుండా చూసుకుని, మిగిలినవి తమలో తాము తేల్చుకోవాలి.

2. చుట్టాల విషయంలో అంకె లేని మాట రాయకండి. ఒక బృందం ‘అతిథులు ఎక్కువ రోజులు ఉండకూడదు’ అని రాసుకుంది. వాళ్లలో ఒకబ్బాయి తమ్ముడు కోచింగ్ కోసం ఊరి నుంచి వచ్చాడు. అన్నకి నెల కూడా ఎక్కువ అనిపించలేదు, మిగతా ముగ్గురికి వారమే ఎక్కువైంది. కాగితం ఇద్దరి పక్షానా మాట్లాడింది కాబట్టి ఎవరికీ పనికిరాలేదు.

తర్వాత కూర్చుని ఇలా మార్చుకున్నారు: ‘రాత్రి ఉండే అతిథి గురించి ముందురోజే గ్రూపులో చెప్పాలి. ఒక్కొక్కరి తరఫున నెలకు ఐదు రాత్రులు, వరసగా మూడుకు మించకూడదు. మించితే మిగతా ముగ్గురూ ఒప్పుకోవాలి, ఖర్చులో వాటా ఇవ్వాలి. అతిథి పిలిచినవారి గదిలోనే పడుకోవాలి, ఇంటి తాళంచెవి అతిథికి ఇవ్వకూడదు.’ మూడు గదుల్లో నలుగురంటే ఒక గదిలో ఇద్దరుంటారు. ఆ గదికి ఎవరైనా వస్తే ముందుగా అడగాల్సింది గదిలో రెండో మనిషిని. చాలామంది మరిచిపోయే వాక్యం ఇదే.

వాటా లెక్క కూడా అప్పుడే వేసుకున్నారు. కరెంటు, నీళ్లు, గ్యాసు, పనమ్మాయి జీతం కలిపి నెలకు 9,000 రూపాయలు, అంటే రోజుకు 300. అతిథితో ఐదుగురైతే మనిషికి 60. గడువు దాటి పది రాత్రులుంటే పిలిచినవారు 600 రూపాయలు ఉమ్మడి డబ్బులో వేయాలి. ఆసుపత్రి పని మీద అమ్మానాన్నలు వస్తే ఈ గడువు వర్తించదని విడిగా ఒక వాక్యం చేర్చారు. అది లేకపోతే కష్టంలో ఉన్నవాడు అందరినీ బతిమాలుకోవాల్సి వచ్చేది.

3. చప్పుడికి గడియారం పెట్టండి, కానీ ఇంట్లోవాళ్ల నిద్రను బట్టి. మన దేశంలో శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 దాకా. అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు. అయితే నైట్ షిఫ్టు చేసి ఉదయం ఏడింటికి పడుకునేవారికి ఆ నిబంధనతో ఒరిగేది లేదు. మిక్సీ, కుక్కరు విజిలు, హాల్లో స్పీకర్ పెట్టి ఫోన్లు, ఇవన్నీ ఆ వేళే మొదలవుతాయి. వంటింటికి దూరంగా ఉన్న గది వారికిచ్చి, ‘ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 దాకా మిక్సీ వేయం, ఫోన్లు గది తలుపు వేసుకుని మాట్లాడతాం’ అని రాసుకుంటే గొడవ పుట్టదు. చట్నీ పొద్దున్నే కావాలంటే ఏడులోపే రుబ్బుకోవాలి.

4. ‘ఇల్లు శుభ్రంగా ఉంచుకోవాలి’ అన్న వాక్యం రాసినా రాయనట్టే. పని పూర్తయితే కంటికి ఏం కనబడాలో రాయండి: పడుకునే ముందు సింకు ఖాళీగా ఉండాలి, స్టవ్ తుడిచి ఉండాలి, తడిచెత్త, పొడిచెత్త విడివిడిగా గుమ్మం బయట ఉండాలి. ఎవరి కంచం వాళ్లు కడుక్కుంటారు. తగువంతా కుక్కరు, కూరగిన్నె దగ్గరే. వాటిని ఆఖరున తిన్నవారు కడగాలని తేల్చుకోండి. పనమ్మాయి రాని రోజుకీ వంతులుండాలి. వంతున్న వారాంతంలో ఊరెళితే, మరొకరితో మార్చుకునే బాధ్యత వెళ్లేవారిదే. ఉమ్మడి బాత్రూమ్ వంతు దాన్ని వాడేవాళ్ల మధ్యే తిరగాలి.

5. జరిమానా పెట్టకండి. వంద రూపాయలు పారేసి గిన్నెలు వదిలేసి వెళ్లేవాళ్లని చూశాను. డబ్బు కట్టాం కదా అన్న ధీమాతో మొహమాటం కూడా పోతుంది. దానికి బదులు, తప్పినవారు మర్నాడు ఆ పనే చేయాలి. మొదటిసారి ఎదురుగా చెప్పాలి, గ్రూపులో ఫొటోలు పెట్టకూడదు. అద్దె వేసే ఆదివారం పావుగంట కూర్చుని పనికిరాని వాక్యాలు కొట్టేయాలి.

ఒకరు ఖాళీ చేసి కొత్తవారు వచ్చినప్పుడు పాత కాగితం వాళ్ల చేతిలో పెట్టి సంతకం చేయమనకండి. అందరూ మళ్లీ చదివి, వాళ్ల షిఫ్టు, వాళ్ల ఇంటివాళ్ల రాకపోకలు కనుక్కుని తిరగరాయండి. అదీ సామాను దించకముందే చేయండి.