38 సెకన్ల వాయిస్‌లో ఏముంది?

చెల్లెళ్ళూ, కొట్లాట మీద కథ అనగానే మన చెయ్యి ముందు ఆ కొట్లాట దగ్గరికే పోతుంది. ఎవరు ఏమన్నారు, ఎవరు ముందు గొంతు పెంచారు అని రాసుకుంటూ పోతాం. అమ్మా కొడుకుల వాట్సాప్ మాటలతోనే నడిచే కథలో ఆ పని కుదరదు. కుదరకపోవడమే మంచిది. మన ఇళ్ళలో ఎవరైనా వేళ్ళతో టైపు చేసుకుంటూ కొట్లాడతారా? ఫోన్లోనే అరుచుకుంటారు. ఆ అరుపులు గాల్లో కలిసిపోతాయి. తెర మీద మిగిలేది కాల్ ఎంతసేపు నడిచిందన్న లెక్క ఒక్కటే. కథకి అది చాలు.

నేను అనుకున్న కథ 2025 జూన్‌లో జరుగుతుంది. అమ్మ ఉండేది చిత్తూరు దగ్గర బంగారుపాళ్యెం పక్క పల్లె, కొడుకు ఉండేది డాలస్. వాళ్ళది తోతాపురి తోట. ఆ ఏడు మన జిల్లాలో తోతాపురి ఏమైందో మీకు చెప్పాల్సిన పని లేదు. ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 కలుపుతుందని, మొత్తం 12 అని చెప్పారు. గుజ్జు ఫ్యాక్టరీల ముందర మాత్రం కాయల ట్రాక్టర్లు రాత్రీ పగలూ వరసలో నిలబడ్డాయి. ఆ కాలం, ఆ వరస తెలిసినవాళ్ళు రాయాల్సిన కథ ఇది.

రాసే ముందు ఒకటి తేల్చుకోండి. పాఠకుడి చేతిలో ఉన్నది ఎవరి ఫోను? అమ్మ పంపిన సందేశం మీద ఆమె ఫోన్లో ఒక టైము, కొడుకు ఫోన్లో ఇంకో టైము పడుతుంది. జూన్‌లో మనం డాలస్ కంటే పదిన్నర గంటలు ముందు ఉంటాం. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారం గంట వెనక్కి తిప్పుకుంటారు, అప్పుడు పదకొండున్నర అవుతుంది. కథ కార్తీకంలో నడిపితే అమ్మ వేసుకునే లెక్క గంట తప్పవచ్చు, అది కూడా కథలోకి వస్తుంది. నేను అమ్మ ఫోనే తీసుకున్నాను. అన్నీ మన టైములే. ఆమె వైపు కూర్చుంటేనే జవాబు రాకపోవడం ఎంత పొడుగ్గా ఉంటుందో తెలుస్తుంది.

ఇక నీలి గీతల సంగతి. 2014 నుంచి వాట్సాప్‌లో చదివితే గీతలు నీలంగా మారుతున్నాయి. కావాలంటే సెట్టింగుల్లో ఆపేసుకోవచ్చు, కానీ మనం ఆపేస్తే అవతలివాళ్ళు చదివారో లేదో మనకూ కనిపించదు. ఈ కథలో కొడుకు ఆపేశాడు. అమ్మకి గీతలు బూడిదరంగులోనే ఉంటాయి. అయితే ఆ సెట్టింగు వాయిస్‌కి పనిచెయ్యదు. వాయిస్ విన్నారంటే పంపినవాళ్ళ ఫోన్లో మైకు బొమ్మ నీలం అవుతుంది. కథ మొత్తం ఈ చిన్న సందులోనుంచే నడిపించాను. చూడండి.

జూన్ 8, ఆదివారం. వీడియో కాల్, 52 నిమిషాలు.

జూన్ 15, ఆదివారం. వీడియో కాల్, 47 నిమిషాలు.

జూన్ 22, ఆదివారం. వీడియో కాల్, 6 నిమిషాలు.

సోమవారం
అమ్మ, ఉదయం 5:52: తిన్నావా
అమ్మ, రాత్రి 9:05: పనికి పోయినావా

మంగళవారం
అమ్మ, ఉదయం 5:40: (తుడిచేసిన సందేశం)
అమ్మ, ఉదయం 5:41: ఏం లేదు చెయ్యి తగిలి పోయింది
అమ్మ, రాత్రి 11:20: (వాయిస్, 38 సెకన్లు)

బుధవారం
(మైకు నీలం)
కొడుకు, రాత్రి 1:14: మా
కొడుకు, 1:14: ట్రాక్టర్ల సౌండ్ వస్తా ఉంది
కొడుకు, 1:15: యాడుండావు ఇప్పుడు
అమ్మ, 1:17: ఫ్యాక్టరీ కాడ మీ నాయనకి సంగటి తెచ్చినా
కొడుకు, 1:17: ఈ టైమ్‌లోనా
అమ్మ, 1:19: నిన్న మద్దేనం నుంచి లైన్లోనే ఉండాడు ఆయప్ప తినకుండా ఉంటే ఎట్ల
కొడుకు, 1:19: ఎవురితో వచ్చినావు
అమ్మ, 1:20: మునెమ్మ కొడుకు బండి మింద
కొడుకు, 1:20: కాయ ఎట్లుంది
అమ్మ, 1:22: అడుగున ఉండేది మెత్తబడతా ఉంది
కొడుకు, 1:38: మా నేను ఆదివారం అన్నది
అమ్మ, 1:38: ఫోనులో సార్జింగు 9 ఉండాది
కొడుకు, 1:41: తోట చూసేదానికి శుక్రవారం వస్తానన్నాడే ఆయన్ని రావద్దని చెప్పేసినా
అమ్మ, 1:46: వస్తే రానీ కాపీ తాగి పోతాడు
కొడుకు, 1:47: టోకెన్ నంబర్ ఎంత
అమ్మ, 1:49: (ఫోటో)
కొడుకు, ఉదయం 8:05: దించినారా
అమ్మ, 8:30: ఇంకా ఆరు బండ్లు ఉండాయి ముందర
కొడుకు, 10:40: ఇప్పుడు
అమ్మ, 10:42: రెండు బండ్లు నీకు పన్నెండు దాటింటాది పండుకో నాయనా
కొడుకు, 10:42: దించినాక

అంతే కథ. తోట అమ్మేద్దామని కొడుకు అన్నాడని ఎక్కడా రాయలేదు. ఆ ఆరు నిమిషాల్లో ఏం మాటలు దొర్లాయో కూడా రాయలేదు. తోట చూసేదానికి ఒకాయన వస్తానన్నాడు, ఆయనతో మాట్లాడింది కొడుకు, ఆ మాటని ఇప్పుడు తనే వెనక్కి తీసుకున్నాడు. ఇంత తెలిస్తే ఆదివారం కొట్లాటని పాఠకులే కట్టుకుంటారు.

ఇలాంటి కథలు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. పాఠకుడికి తెలియాలని అమ్మ చేత రాయిస్తాం: “మన మూడెకరాల మామిడి తోట అమ్మేయమని నువ్వు మొన్న అన్నావు కదా, నాయన ఎంత బాధపడినాడో తెలుసా” అని. ఇద్దరికీ తెలిసిన సంగతిని ఏ అమ్మ కొడుక్కి విడమరచి చెబుతుంది? ఆ సందేశం కొడుక్కి రాసింది కాదు, పత్రిక చదివేవాళ్ళకి రాసింది. రాశాక ప్రతి సందేశం దగ్గరా ఆగి, ఇది అవతలివాళ్ళకి కొత్త సంగతా, పాత సంగతా అని అడగండి. పాతదైతే తీసెయ్యండి. సందు మిగిలితే ఫోటోతోనో, ప్రశ్నతోనో పూడ్చండి. “కాయ ఎట్లుంది” అన్న రెండు మాటల్లో వాళ్ళకి తోట ఉందని, కాయ ట్రాక్టర్లో ఉందని, అది మెత్తబడుతుందన్న భయం కొడుక్కీ ఉందని వచ్చేసింది. 8 రూపాయలు, 4 రూపాయలు అన్న లెక్క నేను కథలోకి రానివ్వలేదు. అది వాళ్ళిద్దరికీ తెలుసు.

వాయిస్‌లో ఏముందో మాకు ఎందుకు చెప్పలేదు అని మీరు అడుగుతారు. అమ్మ ఫోను పట్టుకుని చూస్తున్నవాళ్ళకి తెర మీద కనిపించేది 38 సెకన్లన్న అంకె ఒక్కటే, అందుకని చెప్పలేదు. ఆ మాటలు కాగితం మీద పెట్టామా, అమ్మ ఏడ్చిందా, తిట్టిందా, బతిమాలిందా అని అందరూ తూకం వేస్తారు. పెట్టకపోతే కొడుకు ఏం విన్నాడో మనకి వినపడుతుంది. అమ్మ మాటల కంటే ముందు వాడి చెవికి ట్రాక్టర్ల చప్పుడు తగిలింది. అర్ధరాత్రి ఆడమనిషి ఇంట్లో లేదు, ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉంది. వాడి చేత నోరు తెరిపించింది అది.

మీరు మాత్రం ఆ 38 సెకన్ల మాటలు వేరే కాగితం మీద రాసి పెట్టుకోవాలి. గడియారం చూసుకుంటూ పైకి చదవండి. మీ అమ్మ మాట్లాడే నిదానంతో, మధ్యలో ఊపిరి తీసుకుంటూ చదవండి. నిమిషమున్నర అయిందంటే అంకె మార్చండి, లేదా మాటలు తగ్గించండి. రచయితకి ఆ మాటలు తెలియకపోతే కొడుకు జవాబు గురి తప్పుతుంది, చదివేవాళ్ళకి అది ఇట్టే దొరికిపోతుంది.

తుడిచేసిన సందేశం కథ మొత్తంలో ఒక్కసారే వాడండి. పంపినదాన్ని రెండు రోజులు దాటిన తర్వాత కూడా కొంతసేపటి దాకా అందరి ఫోన్లలో తుడిచెయ్యవచ్చు. అందుకని రాయడం చేతగాని చోటల్లా ‘తుడిచేసిన సందేశం’ అని పెట్టుకుంటూ పోతే చదివేవాళ్ళకి విసుగు పుడుతుంది. ఇక్కడ అది బలంగా ఉందంటే, తర్వాతి నిమిషంలో ఆమె చెప్పిన చిన్న అబద్ధం వల్లనే. చెయ్యి తగిలి పోయే సందేశం ఎక్కడైనా ఉంటుందా?

కొడుకు క్షమాపణ చెప్పబోతే అమ్మ సార్జింగు గురించి మాట్లాడింది. 1:22 నుంచి 1:38 దాకా పదహారు నిమిషాలు వాడు రాసి కొట్టేసుకుంటూ ఉన్నాడు. ఆమెకి అర్థమైంది. కొడుకు తల వంచుకుంటే చూడలేక మాట తప్పించింది. మన వైపు ఆడవాళ్ళు అంతే కదా, మగపిల్లల చేత ఆ మాట అనిపించుకోలేరు. అది మంచిదా కాదా అన్నది వేరే చర్చ. ఈ కథలో మాత్రం వాడు ఆ మాట అనేసి ఉంటే, శుక్రవారం వచ్చే మనిషిని ఆపిన సంగతి బలహీనపడిపోయేది. ఆమె కూడా ‘వస్తే రానీ’ అనడం చూశారు కదా. తోట అమ్మకూడదని ఇద్దరూ ఒక్క మాట మీదికి వచ్చేశారని అనుకోవద్దు. ఆ రాత్రి మెత్తబడిన కాయ చూశాక ఆమె మనసులోనూ ఏదో కదిలింది. ఆ ప్రశ్న నేను తేల్చలేదు, తేల్చే హక్కు నాకు లేదు కూడా. ఆ తోటల దగ్గరికి పోయి అడిగితే చాలా ఇళ్ళలో ఇదే మాట వినపడుతుంది.

చివరిగా భాష. డాలస్ పిల్లోడు అసలు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడతాడు. పత్రికలో అట్లా అచ్చు వెయ్యలేం గనుక తేడా ఇంకోలా చూపాలి. వాడివి పొట్టి ముక్కలు, ఒక మాట మూడు సందేశాలుగా విరుగుతుంది. ఆమెవి చుక్కలూ కామాలూ లేని పొడుగు వరసలు. ‘ఆయప్ప’, ‘మద్దేనం’, ‘దాటింటాది’ అన్న మాటల్ని పత్రిక తెలుగులోకి దిద్దకండి. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘పచ్చనాకు సాక్షిగా’లో మన జిల్లా పల్లె మాటని ఉన్నదున్నట్టు అచ్చులో నిలబెట్టి చాలా ఏళ్ళయింది. ఆ దారి మనకి ముందే వేసి ఉంది. అయితే ప్రతి మాటనూ యాసలో ముంచెత్తకండి. ఆ కొడుకు డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నవాడు, అర్ధరాత్రి అమ్మతో మాట్లాడేటప్పుడే ‘యాడుండావు’ అంటాడు. మీరు రాసిన కథలో వాడు ఆ మాట ఎన్నో సందేశంలో అన్నాడో ఒకసారి చూసుకోండి. మొదటి సందేశంలోనే అనేసి ఉంటే, వాడికి కోపం ఇంకా తగ్గకముందే మీరు తగ్గించేశారని లెక్క.