గడువు దాటాక మోగిన రిమైండర్

ప్రశ్న: స్కాలర్‌షిప్ ఫారానికి గడువు అక్టోబరు 31 రాత్రి 11:59. ఆ రోజు రాత్రి 8 గంటలకు గుర్తుచేసేలా అద్దె క్లౌడ్ సర్వర్లో క్రాన్ పెట్టాను. మెయిల్ మాత్రం నవంబరు 1 తెల్లవారుజామున 1:30కి వచ్చింది. అప్పటికే ఫారం మూసేశారు. తప్పెక్కడ జరిగింది?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని

జవాబు: అమ్మా, మీ బాధ అర్థమైంది. క్రాన్ ఆలస్యం చేయలేదు, తన గడియారం ప్రకారం సరిగ్గా 8 గంటలకే మోగింది. క్లౌడ్ సర్వర్లు చాలావరకు యూటీసీ సమయంలో నడుస్తాయి. మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. అక్కడ రాత్రి 8 అయ్యేసరికి ఇక్కడ మర్నాడు 1:30. సర్వర్లో `date` అని కొట్టి చూడండి, అందులో `UTC` కనిపిస్తే కారణం ఇదే. మన రాత్రి 8 కావాలంటే అక్కడ మధ్యాహ్నం 2:30 అని రాయాలి:

```
30 14 31 10 * /home/user/remind.sh
```

లేదా సర్వర్ టైమ్‌జోన్‌నే మన సమయానికి మార్చుకుని, క్రాన్‌లో రాత్రి 8 అనే ఉంచండి. మార్చాక క్రాన్‌ను రీస్టార్ట్ చేయాలి, లేకపోతే అది పాత టైమ్‌జోన్‌నే పట్టుకుని ఉంటుంది.

గడియారం సరిచేసినా చివరి రోజు రిమైండర్ చాలదు. ఆదాయ ధ్రువపత్రానికే కొన్ని రోజులు పడుతుంది. రెండు వారాల ముందు ఒకటి, మూడు రోజుల ముందు మరొకటి పెట్టుకోండి. గడువు పొడిగించారేమో ఈరోజే మీ కాలేజీ స్కాలర్‌షిప్ విభాగంలో అడగండి.