పద్యంలో "స" ఎందుకు పాడైంది?

మా క్లబ్ కోసం ఒక ఫ్రెండ్ పోతన పద్యం చదివితే ఫోన్‌లో రికార్డ్ చేశా. ఫైల్ పెద్దగా ఉందని ప్రతి ఆరు శాంపిళ్లలో ఒకటే ఉంచి మిగతావి తీసేశా:

```python
y = x[::6]
```

సెకనుకు 44100 శాంపిళ్లు కాస్తా 7350 అయ్యాయి. ఫైల్ చిన్నదైంది. కానీ "స", "శ" వచ్చిన చోటల్లా ఏదో గరగర. అసలు రికార్డింగ్‌లో ఆ శబ్దం లేదు. మరి ఎక్కడి నుంచి వచ్చింది?

గోడ గడియారం చూడండి. సెకన్ల ముల్లు 60 సెకన్లకు ఒక చుట్టు తిరుగుతుంది. మీరు 55 సెకన్లకోసారి మాత్రమే దాన్ని చూస్తున్నారనుకోండి. మొదట 12 దగ్గర ఉంటుంది, తర్వాత 11 దగ్గర, ఆ తర్వాత 10 దగ్గర. మధ్యలో ఏం జరిగిందో మీకు తెలీదు కదా, అందుకే ముల్లు మెల్లగా వెనక్కి పోతోందనిపిస్తుంది. చుట్టు పూర్తవడానికి 11 నిమిషాలు! 30 సెకన్లకోసారి చూస్తే 12, 6, 12, 6 అని కనిపిస్తుంది, ఎటు తిరుగుతోందో చెప్పలేం. చుట్టుకు రెండుసార్ల కంటే ఎక్కువ చూస్తేనే నిజం తెలుస్తుంది.

శాంప్లింగ్ సిద్ధాంతం చెప్పేది ఇదే. సిగ్నల్‌లో ఉన్న అత్యధిక ఫ్రీక్వెన్సీకి రెట్టింపు కంటే ఎక్కువ వేగంతో శాంపిళ్లు తీస్తే, వాటి నుంచి అసలు సిగ్నల్‌ని పూర్తిగా తిరిగి కట్టొచ్చు. 1949లో క్లాడ్ షానన్ దీన్ని తన పేపర్‌లో నిరూపించాడు.

నా దగ్గర 7350 శాంపిళ్లే ఉన్నాయి, అంటే హద్దు 3675 హెర్ట్జ్. అచ్చుల్లో ముఖ్యమైన శక్తి చాలావరకు దీని కిందే ఉంటుంది. "స"లోని బుసబుస మాత్రం ఎక్కువగా 4000 హెర్ట్జ్ పైనే. అందులో 5000 హెర్ట్జ్ భాగాన్ని తీసుకుందాం. ఒక శాంపిల్ నుంచి ఇంకో శాంపిల్‌కి అది 5000/7350 చుట్టు ముందుకు వెళ్తుంది. అది 2350/7350 చుట్టు వెనక్కి వెళ్లడంతో సమానం. అంటే ఆ శాంపిళ్లు 2350 హెర్ట్జ్ శబ్దం ఇచ్చే శాంపిళ్ల లాగే ఉంటాయి. అలాగే 6500 హెర్ట్జ్ భాగం 850 దగ్గరికి దిగుతుంది. ఇదే ఎలియాసింగ్. పైనున్న బుసబుస మడతపడి అచ్చుల మధ్యలోకి వచ్చి కూర్చుంది.

ఒకసారి కలిశాక 2350లో అసలుది ఎంతో, దొంగది ఎంతో ఆ శాంపిళ్లను చూసి చెప్పలేం. తర్వాత ఫిల్టర్ వేసినా లాభం లేదు, వేస్తే మంచి శబ్దం కూడా పోతుంది. అందుకే ముందు 3675 పైనున్నవి తీసేసి, ఆ తర్వాతే శాంపిళ్లు తగ్గించాలి. ఈ రెండు పనులూ ఇది చేస్తుంది:

```python
from scipy.signal import decimate
y = decimate(x, 6)
```

ఇప్పుడు "స" కాస్త మొద్దుబారింది, కానీ గరగర పోయింది. మీ కోడ్‌ని పరీక్షించాలంటే పిచ్ ఆగకుండా పెరిగే టోన్ ఒకటి ఇవ్వండి. హద్దు దాటాక అది మెల్లగా మాయమైతే సరే. పైకి వెళ్లాల్సిన పిచ్ కిందికి దిగడం మొదలెడితే మాత్రం ఎలియాసింగే.

అదృష్టం కొద్దీ ఒరిజినల్ ఫైల్ డిలీట్ చేయలేదు. చేసుంటే ఫ్రెండ్‌ని మళ్లీ చదవమని బతిమాలాల్సి వచ్చేది.