సిరిమాను వారంలో స్ప్రింటు ప్లాను

1. క్యాలెండరు ముందు, బ్యాక్‌లాగు తర్వాత. బొబ్బిలి, విజయనగరం పిల్లలున్న విశాఖ టీముకి దసరా ఒక్కరోజు సెలవు కాదు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. 2025లో దసరా అక్టోబరు 2న, సిరిమాను 7న పడ్డాయి. ఊరెళ్లినవాళ్లు మధ్యలో రెండు రోజుల పని కోసం తిరిగి రారు. లీవు పోర్టల్లో అప్పటికి పెట్టిన సెలవులే కనిపిస్తాయి. అందుకే ఒక్కొక్కరినీ నేరుగా అడుగుతాను: “సిరిమాను చూసుకునే వస్తావేటమ్మా?”

2. వాళ్ల జవాబులతో కెపాసిటీ లెక్క ఇలా ఉంటుంది. సెప్టెంబరు 29 నుంచి అక్టోబరు 10 వరకు పది పనిదినాలు, ఆరుగురు మనుషులు: 60 మనిషి-రోజులు. దసరా సెలవుకి 6 పోతే 54. ఇద్దరు 30న బయల్దేరి సిరిమాను దాకా ఊళ్లోనే ఉంటారు. ఒక్కొక్కరికి ఐదు చొప్పున 10 పోతే 44. ఇంకొకరికి 7న మాత్రమే సెలవు. మిగిలింది 43.

గత మూడు స్ప్రింట్లలో 168 మనిషి-రోజులకు 84 పాయింట్లు పూర్తయ్యాయనుకోండి. మనిషి-రోజుకి అర పాయింటు. కాబట్టి ఈసారి 21.5, కిందికి దించితే 21. మీటింగులకు, సపోర్టు కాల్స్‌కు మళ్లీ కోత వేయకండి. ఆ పాత అర పాయింటులోనే అవన్నీ కలిసి ఉన్నాయి. టీములో మనుషులు మారితే మాత్రం ఈ సగటును నమ్మలేం.

3. మిగిలిపోయిన పనిని మళ్లీ కొలవాలి. గత స్ప్రింటులోని ఒక 8 పాయింట్ల స్టోరీలో కోడింగ్ అయిపోయి టెస్టింగ్ మిగిలింది. దాన్ని 8గా మోస్తే కొత్త పనికి చోటు అనవసరంగా తగ్గిపోతుంది. “దాదాపు అయిపోయింది” అని సున్నా వేస్తే మొదటివారమే ప్లాను తప్పుతుంది. ఏం మిగిలిందో చేసేవాళ్లతోనే చెప్పించుకోవాలి. ఇక్కడ రెండు రోజుల టెస్టింగూ, బగ్గులు దిద్దడమూ కలిపి 3 పాయింట్లు. కొత్త పనికి 18.

4. ఆ 18 కూడా కాగితం మీదే. ఊరెళ్లే ఇద్దరిలో ఒకరు టీముకున్న ఒకే ఒక్క టెస్టరు. ఆమె ఉండేది 29, మళ్లీ 8, 9, 10 తేదీలు. పాత స్టోరీకి రెండు రోజులు పోతే కొత్తవాటికి మిగిలేది చివరి రెండే. మొత్తం కెపాసిటీ చూసి 18 తీసుకుంటే, కోడు రాసిన స్టోరీలన్నీ 9వ తేదీన టెస్టింగ్ కాలమ్‌లో గుట్టపడతాయి. తర్వాతి స్ప్రింటుకి అదే మిగులు పని.

నేనైతే 29న ఆమె చేత పాత స్టోరీయే టెస్టు చేయిస్తాను. దొరికిన బగ్గులు ఆమె వచ్చేలోగా డెవలపర్లు దిద్దుతారు, 8న ఆమె మళ్లీ చూస్తుంది. కొత్తగా 3 పాయింట్ల స్టోరీలు నాలుగే, అంటే 12. అందులో రెండింటిని డెవలపర్లు ఒకరిది ఒకరు టెస్టు చేయాలి, ఎవరిది ఎవరు చూస్తారో ప్లానింగ్‌లోనే పేర్లు రాసుకోవాలి. మిగతా 6 పాయింట్లకు ఏ స్టోరీ ముందో ప్రొడక్ట్ ఓనరు చేత వరుస పెట్టించి, బ్యాక్‌లాగు పైభాగాన ఉంచుతాను. చోటు దొరికితే 8న లాగుతాం.