కలిమా చదివించేది ఎవరు?

నాగారం నుండి ఒక సోదరుడు అడిగారు: "నేను ముస్లిం కుటుంబంలో పుట్టలేదు. ఏడాదిగా ఇస్లాం గురించి చదువుతున్నాను. ఈ ధర్మంలో చేరాలంటే ఎవరి దగ్గర దీక్ష తీసుకోవాలి? పేరు మార్చుకోవాలా? అమ్మను వదిలేయాలా?"

సోదరా! ఇస్లాంలో గురువు ఇచ్చే దీక్ష లేదు. రుసుమూ లేదు. అల్లాహ్ ఒక్కడే ఆరాధ్యుడని, ముహమ్మద్ (సఅసం) ఆయన దాసుడు, ప్రవక్త అని మనసారా నమ్మి, నోటితో ఇలా పలకాలి: "అష్‌హదు అల్లా ఇలాహ ఇల్లల్లాహు, వ అష్‌హదు అన్న ముహమ్మదన్ అబ్దుహూ వ రసూలుహూ." అంతే, మీరు ముస్లిం. ఇద్దరు సాక్షులుంటే రేపు నికాహ్‌కు, జనాజాకు మేలు. కానీ సాక్షులు లేనందువల్ల విశ్వాసం చెల్లకుండా పోదు. అందుకే కలిమా అడిగిన వ్యక్తిని "వచ్చే శుక్రవారం రండి" అని వెనక్కి పంపడం మన మస్జిదుల వారు చేయకూడని పొరపాటు.

తరువాత గుస్ల్ చేయండి. హనఫీ పండితుల దృష్టిలో ఇది ముస్తహబ్. అయితే అప్పటికే గుస్ల్ తప్పనిసరైన స్థితిలో ఉంటే, అది ఫర్జ్. ఇక నమాజు. సాయంత్రం 5 గంటలకు కలిమా చదివారనుకుందాం. హనఫీ మతానుసారం ఆ రోజు అసర్ నుండే నమాజు విధి. గడచిన ఫజ్ర్‌కు, జుహ్ర్‌కు ఖజా లేదు. సూరాలు రాకపోయినా ఇమాం వెనుక నిలబడి ఆయనను అనుసరించండి. అల్ ఫాతిహా నుండి నెమ్మదిగా నేర్చుకోండి. ఖత్నా ఇస్లాంలో ప్రవేశానికి షరతు కాదు.

పేరు మార్చడమూ షరతు కాదు. ప్రవక్త (సఅసం) చెడు అర్థమున్న పేర్లను మాత్రం మార్చేవారు. ఆసియా, అంటే "అవిధేయురాలు" అని అర్థమిచ్చే పేరున్న ఒక స్త్రీకి జమీలా అని పేరు పెట్టారు. మీ పేరులో బహుదైవ భావన లేకపోతే అలాగే ఉంచుకోవచ్చు.

నోటరీ అఫిడవిట్ మిమ్మల్ని ముస్లింను చేయదు. అది రుజువు మాత్రమే. పేరు మార్పుకు గెజిట్ ప్రకటన వేరే పని. కాగితాలకు ముందు ఒక సంగతి తెలుసుకోండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ ధర్మాలలోని వారికే ఎస్సీ హోదా ఉంటుంది. మీరు ఆ వర్గానికి చెందినవారైతే ఉద్యోగం, స్కాలర్‌షిప్ వంటి వాటిపై ప్రభావం పడుతుంది. దీన్ని మీకు దాచడం మా పక్షాన నమ్మకద్రోహమే అవుతుంది.

అమ్మ విషయం. హజ్రత్ అస్మా (రజి) తల్లి అప్పటికి బహుదైవారాధకురాలు. ఆమె మదీనా వచ్చినప్పుడు, తనతో బంధుత్వం నిలుపుకోవచ్చా అని అస్మా అడిగారు. నిలుపుకోమని ప్రవక్త (సఅసం) అన్నారు. ఆరాధన విషయంలో మాత్రం ఆమె మాట వినలేరు. మిగతా సేవలన్నీ ఇదివరకటికంటే బాగా చేయండి. మీ ధర్మం ఎలాంటిదో అమ్మకు ముందుగా అక్కడే తెలుస్తుంది.

ఇది చదివే మన కుటుంబాలకు ఒక మాట. ఆ సోదరుడు రేపు నమాజుకు వస్తే, మొదటి ఇఫ్తార్ మన దస్తర్‌ఖ్వాన్‌పైనే ఉండాలి.