ఉద్యోగంలో ఉంటూ మరో ఉద్యోగం వెతకడం: గోప్యత, ఇంటర్వ్యూ, సెలవు

ఉద్యోగంలో ఉంటూ మరో ఉద్యోగం వెతికేవారు ముందుగా చూసుకోవాల్సింది తమ నియామక పత్రంలోని నోటీస్ పీరియడ్. హైదరాబాద్, బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చాలాచోట్ల అది 60 నుంచి 90 రోజులు. కొత్తవారిని తీసుకునే సంస్థలు మాత్రం 30 రోజుల్లో వచ్చేవారి కోసం చూస్తుంటాయి. ఈ తేడా చూసి భయపడి, ఆఫర్ రాకముందే రాజీనామా ఇచ్చేవారున్నారు. అలా ఇచ్చాక చివరి తేదీ దగ్గరపడేకొద్దీ జీతం విషయంలో బేరమాడే బలం తగ్గిపోతుంది. మొదటి దరఖాస్తు నుంచి ఆఫర్ లెటర్ చేతికి వచ్చే వరకు విషయాన్ని గుట్టుగా ఉంచడం, ఆ తర్వాత తానే వెళ్లి మేనేజర్‌కు చెప్పడం సరైన క్రమం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మాదాపూర్‌లోని ఒక కంపెనీలో టెస్టింగ్ ఇంజినీరుగా పనిచేస్తున్న ఒకామెకు ఆరేళ్ల అనుభవం ఉంది. నోటీస్ 90 రోజులు. వారంలో మూడు రోజులు ఆఫీసు, రెండు రోజులు ఇంటి నుంచి పని. క్యాజువల్ లీవులు ఆరు మిగిలున్నాయి.

విషయం ఎక్కడ బయటపడుతుంది

ఎక్కువసార్లు గుట్టు రట్టయ్యేది జాబ్ పోర్టల్ దగ్గరే. నౌకరీలో రెజ్యూమే పెట్టినవారి వివరాలు రిక్రూటర్లు వెతికితే కనిపిస్తాయి. సొంత కంపెనీ హెచ్ఆర్ కూడా అదే పోర్టల్‌లో మనుషుల కోసం వెతుకుతుంటుంది. అందుకే రెజ్యూమే ఎక్కించే ముందే, తాను పనిచేసే సంస్థను, దాని అనుబంధ సంస్థలను బ్లాక్ చేసే జాబితాలో చేర్చాలి. అయినా ఒక సందు మిగిలే ఉంటుంది. ఆ కంపెనీకి మనుషులను చూసిపెట్టే కన్సల్టెన్సీలు ఈ జాబితాలో ఉండవు. తెలియని కన్సల్టెన్సీ నుంచి ఫోన్ వస్తే, ఏ కంపెనీకో చెప్పకుండా రెజ్యూమే పంపవద్దని ముందే అనాలి. లేకపోతే అది తిరిగి సొంత హెచ్ఆర్ టేబుల్ మీదికే చేరవచ్చు.

లింక్డిన్‌లో ‘ఓపెన్ టు వర్క్’ను రెండు రకాలుగా పెట్టుకోవచ్చు. అందరికీ కనిపించేలా పెడితే ఫొటో చుట్టూ ఆకుపచ్చ పట్టీ వస్తుంది. రిక్రూటర్లకు మాత్రమే అని ఎంచుకుంటే పట్టీ రాదు. సొంత కంపెనీ రిక్రూటర్లకు కనిపించకుండా చూస్తామని లింక్డిన్ అంటుంది గానీ, పూర్తి హామీ మాత్రం ఇవ్వదు. ప్రొఫైల్ మార్చే ముందు, మార్పులను పరిచయస్తులకు తెలియజేసే సెట్టింగును ఆపాలి. ఒకే రోజు అంతా మార్చేయకుండా రెండు మూడు వారాల్లో కొంచెం కొంచెంగా మార్చడం మేలు.

రెండో చోటు ఆఫీసు లాప్‌టాప్. దానిలోని మెయిల్, బ్రౌజర్, ఆఫీసు వైఫై, ప్రింటర్ అన్నీ సంస్థ కంటిచూపులో ఉంటాయనే అనుకోవాలి. ఆఫీసు మెయిల్ నుంచి సొంత మెయిల్‌కు ఒకేసారి ఏడాది పే స్లిప్పులు పంపితే భద్రతా విభాగానికి హెచ్చరిక వెళ్లే అవకాశం ఉంది. పే స్లిప్పులు, ఫారం 16 నెలనెలా, ఏటేటా వచ్చినప్పుడే సొంతంగా దాచుకునే అలవాటు ఉంటే ఈ చిక్కే రాదు. ప్రాజెక్టు పత్రాలు, టెస్ట్ స్క్రిప్టులు మాత్రం సంస్థ ఆస్తి. వాటిని నమూనాగా కూడా బయటికి పంపకూడదు. ఇంటర్వ్యూలో క్లయింట్ పేరు అడిగితే ‘ఒక బ్యాంకు’ అని చెబితే సరిపోతుంది.

మూడో చోటు స్నేహితులు. టీములో ఒక్కరికి చెబితే ఆ మాట మేనేజర్ దాకా వెళ్లడానికి ఎక్కువ సమయం పట్టదు. రిఫరెన్సులకు పాత కంపెనీ మేనేజర్ల పేర్లు ఇవ్వాలి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఫారంలో ప్రస్తుత సంస్థను సంప్రదించవచ్చా అన్న ప్రశ్న ఉంటుంది. అక్కడ ఇప్పుడు వద్దని, రిలీవ్ అయ్యాక సంప్రదించవచ్చని రాయాలి. ఇది మామూలు కోరికే, కొత్త సంస్థలకు కొత్తేమీ కాదు.

ఇంటర్వ్యూ వేళలు, సెలవు లెక్క

మామూలుగా ముందు ఫోన్ మాట, తర్వాత ఒకటి రెండు టెక్నికల్ రౌండ్లు, మేనేజర్ రౌండు, చివర హెచ్ఆర్ ఉంటాయి. అన్నిటికీ సెలవు పెడితే ఒక్క కంపెనీకే నాలుగైదు రోజులు పోతాయి. కాబట్టి రిక్రూటర్ సమయం అడిగే వరకు ఆగకుండా తానే రెండు మూడు వేళలు చెప్పాలి: ఉదయం ఎనిమిదింటికి, సాయంత్రం ఏడు తర్వాత, లేదా శనివారం. పై ఉదాహరణలోని ఇంజినీరు ఫోన్ మాటలు ఉదయానికి, టెక్నికల్ రౌండ్లు సాయంత్రానికి పెట్టుకోవచ్చు. పని వేళల్లో తప్పనిసరి అయితే, ఇంటి నుంచి పనిచేసే రోజున ఒక పూట సెలవు పెట్టాలి. లాగిన్ అయి ఉండి పక్క స్క్రీన్‌లో ఇంటర్వ్యూ ఇస్తే రెండు చోట్లా పని చెడుతుంది. అదే సమయానికి మేనేజర్ నుంచి కాల్ వస్తే చెప్పుకోవడానికి జవాబు ఉండదు.

నేరుగా వెళ్లాల్సిన చివరి రౌండ్లను వీలైతే ఒకే రోజుకు తేవాలి. ఉదాహరణకు ఆమె గురువారం ఒక్క క్యాజువల్ లీవ్ పెట్టి, ఉదయం గచ్చిబౌలిలో ఒకటి, మధ్యాహ్నం మూడింటికి మరొకటి చూసుకుంటే ఆరు సెలవుల్లో ఒకటే ఖర్చవుతుంది. ఆ సెలవును వారం ముందే, రిలీజ్ తేదీలకు అడ్డు రాకుండా అడగాలి. కారణం ‘సొంత పని’ అని రాస్తే చాలు, అది అబద్ధం కాదు. జ్వరమనో, బంధువు పోయారనో చెప్పడం తగదు. సిక్ లీవ్ రెండు మూడు రోజులు దాటితే చాలా సంస్థలు డాక్టర్ సర్టిఫికెట్ అడుగుతాయి. తప్పుడు సర్టిఫికెట్ క్రమశిక్షణ చర్యకు కారణమవుతుంది.

అనుమానం వచ్చేది ఒక సెలవుతో కాదు. రెండు వారాల్లో మూడుసార్లు అప్పటికప్పుడు సెలవు పెట్టడం, ఫోన్ మోగగానే కారిడార్‌లోకి పరుగెత్తడం, మీటింగుల్లో నోరు విప్పకపోవడం కలిస్తే అనుమానం మొదలవుతుంది. మేనేజర్ సూటిగా అడిగితే లేదని బొంకనక్కర్లేదు, వివరాలు చెప్పనక్కర్లేదు. “మంచి అవకాశం వస్తే ఎవరైనా ఆలోచిస్తారు సార్, ఈ రిలీజ్ మాత్రం అనుకున్న తేదీకి పూర్తవుతుంది” అంటే చాలు. ఆ మాట నిలబడాలంటే పని నిజంగానే పూర్తి కావాలి.

ఆఫర్ వచ్చాక

మాటగా చెప్పిన ఆఫర్‌తో రాజీనామా ఇవ్వకూడదు. జీతం, హోదా, చేరే తేదీ ఉన్న లెటర్ రావాలి. ఆ తేదీ నోటీస్ ముగిసిన తర్వాత ఉందో లేదో చూడాలి. ముందే చేరమంటే బైఅవుట్ లెక్క వేసుకోవాలి. కొన్ని సంస్థలు తగ్గిన రోజులకు మూల వేతనం మీద, కొన్ని మొత్తం జీతం మీద కట్టమంటాయి. నెలకు మూల వేతనం 40,000, మొత్తం జీతం 90,000 ఉన్నవారు 60 రోజులు తగ్గించుకుంటే మొదటి లెక్కన 80,000, రెండో లెక్కన 1,80,000 రూపాయలు అవుతుంది. బైఅవుట్‌కు అసలు ఒప్పుకోని సంస్థలూ ఉన్నాయి. ఆ సొమ్ము కొత్త సంస్థ ఇస్తానంటే దాన్ని రాతపూర్వకంగా తీసుకోవాలి.

నోటీస్ కాలంలో సెలవులు ఇవ్వకపోవడం, వాడుకుంటే ఆ రోజులు చివర కలపడం చాలాచోట్ల నియమం. అందుకే తప్పనిసరి పనులకు కావాల్సిన సెలవులను రాజీనామాకు ముందే వాడుకోవాలి. మిగిలిన ఎర్న్‌డ్ లీవులకు డబ్బు వస్తుందో లేదో పాలసీలో చూసుకోవాలి. తర్వాత రాజీనామా విషయం ముందు మేనేజర్‌కు ఎదురుగా చెప్పి, అదే రోజు మెయిల్ పంపాలి. అక్కడితో గోప్యత అవసరం తీరిపోతుంది. మిగిలేది పని అప్పగించడం, రిలీవింగ్ లెటర్ తీసుకోవడం.