గ్రూపులో ఉద్యోగం అడిగే ముందు
హెచ్-4 మీద అమెరికా వచ్చినవారికి చేయవలసినవి - చేయకూడనివి

పెళ్ళయి డాలస్ వచ్చి రెండు నెలలైన ఒక అమ్మాయి మా తెలుగు వాట్సాప్ గ్రూపులో ఇలా పెట్టింది: "అన్నలూ, అక్కలూ నమస్తే. హైదరాబాద్‌లో నాలుగేళ్ళు టెస్టింగ్ చేశాను. ఏ ఉద్యోగమైనా పర్వాలేదు, ఎవరైనా రిఫర్ చేయండి ప్లీజ్." కింద రెజ్యూమె జతచేసింది. మన దగ్గర అలవాటే కదా, దాని చివర పుట్టిన తేదీ, భర్త పేరు, పాస్‌పోర్టు నంబరు, ఇంటి అడ్రసు అన్నీ ఉన్నాయి. గంటలోపే ముగ్గురు ఆమెకు విడిగా మెసేజ్ చేశారు. ఆ ముగ్గురూ ఎవరో గ్రూపులో ఎవరికీ తెలియదు.

అడగడం తప్పు కాదు. ఎలా అడగాలో తెలిస్తే చాలు.

చేయవలసినవి

పని చేసే అనుమతి ఉందో లేదో ముందు చూసుకోండి. హెచ్-4 వీసా ఒక్కటే ఉంటే ఉద్యోగం చేయకూడదు, ఈఏడీ కార్డు కావాలి. 2015 నుంచి ఉన్న నిబంధన ప్రకారం, హెచ్-1బీలో ఉన్న మీ భర్తకో భార్యకో ఐ-140 ఆమోదమై ఉండాలి. లేదా గ్రీన్‌కార్డు ప్రక్రియ నడుస్తున్నందువల్ల ఆరేళ్ళు దాటాక కూడా హెచ్-1బీ పొడిగింపు దొరికి ఉండాలి. అప్పుడే మీరు ఐ-765 దరఖాస్తు వేయగలరు. కార్డు చేతికొచ్చాక కూడా దాని మీదున్న తేదీల మధ్యే పని చేయాలి. ఎల్-1 వారి జీవిత భాగస్వాముల సంగతి వేరు: ఐ-94 మీద ఎల్-2ఎస్ అని ఉంటే విడిగా ఈఏడీ అక్కర్లేదు.

ఉద్యోగం కాదు, పరిచయం అడగండి. "రిఫర్ చేయండి" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. రిఫరల్ అంటే ఉద్యోగి తన కంపెనీ సిస్టమ్‌లో మీ పేరు ఎక్కించడం. దానికి సాధారణంగా ఫలానా ఖాళీ అని చెప్పే జాబ్ ఐడీ కావాలి. కంపెనీ వెబ్‌సైట్లో మీకు సరిపడే ఖాళీ చూసుకుని, ఆ ఐడీతో అక్కడ పనిచేసేవారిని అడిగితే ఐదు నిమిషాల పని.

మెసేజ్ చేసినవారు ఎవరో కనుక్కోండి. గ్రూపులో వారిని స్వయంగా ఎరిగినవారు ఎవరని అడగండి. కంపెనీ పేరు చెబితే, వారిచ్చిన నంబరుకు కాదు, ఆ కంపెనీ వెబ్‌సైట్లో ఉన్న నంబరుకు ఫోన్ చేయండి.

చేయకూడనివి

పాస్‌పోర్టు, వీసా, సోషల్ సెక్యూరిటీ నంబర్లు ఎక్కడా పెట్టకండి. అమెరికా రెజ్యూమెలో పుట్టిన తేదీ, భర్త పేరు ఉండవు. పని చేసే అనుమతి పత్రాలు చూపించే ఐ-9 ఫారం ఆఫర్‌కు ఒప్పుకున్న తరువాతి మాట. అంతకు ముందే స్కాన్ కాపీలు అడిగేవారికి పంపకండి.

లేని అనుభవం రాయించుకోకండి. "అమెరికా అనుభవం ఆరేళ్ళు పెడదాం, ఇంటర్వ్యూ మావాళ్ళు ఇస్తారు, ట్రైనింగ్ ఫీజు కట్టండి" అనే కన్సల్టెన్సీలు ఉన్నాయి. అది మోసం. బయటపడితే ఉద్యోగం పోవడమే కాదు, రేపు మీ గ్రీన్‌కార్డు దగ్గర కూడా అడ్డు రావచ్చు. "కార్డు వచ్చేదాకా జీతం లేకుండా చేయండి" అన్నా ఒప్పుకోకండి. అది కూడా అనుమతి లేని పనిగా లెక్కకు రావచ్చు.

వచ్చిన చెక్కులోంచి డబ్బు ఎవరికీ పంపకండి. ఆ అమ్మాయికి వచ్చిన మూడు మెసేజ్‌లలో ఒకటి ఇదే. ఇంటి నుంచి డేటా ఎంట్రీ, గంటకు 38 డాలర్లు, ఇంటర్వ్యూ మొత్తం చాట్‌లోనే. ల్యాప్‌టాప్ కోసమని 2,900 డాలర్ల చెక్కు వచ్చింది. 400 ఉంచుకుని, మిగతా 2,500 ల్యాప్‌టాప్ అమ్మేవారికి జెల్‌లో పంపమన్నారు. చెక్కు వేసిన మర్నాడే ఖాతాలో డబ్బు కనిపించింది. కనిపించినంత మాత్రాన చెక్కు చెల్లినట్టు కాదు. బ్యాంకు డబ్బు త్వరగా వాడుకోనిస్తుంది, దొంగ చెక్కు అని తేలడానికి వారాలు పట్టవచ్చు. అప్పుడు బ్యాంకు 2,900 వెనక్కి తీసుకుంటుంది. మీరు పంపిన 2,500 మాత్రం తిరిగి రాదు.

ఆమె పంపే ముందు నాకు ఫోన్ చేసింది. నేను ఒక్కటే అడిగాను: "ఈఏడీ ఉందా అని అతను నిన్ను అడిగాడామ్మా?" అడగలేదు. ఆమెకు ఈఏడీ లేనే లేదు. ఉద్యోగం నిజమైతే, అమెరికాలో పని చేసే అనుమతి ఉందా అన్నది తొలి ప్రశ్నల్లో ఒకటి.

డబ్బు పంపేసి ఉంటే వెంటనే బ్యాంకుకు చెప్పండి, reportfraud.ftc.gov లో ఫిర్యాదు చేయండి. సోషల్ సెక్యూరిటీ నంబరు ఇచ్చేసి ఉంటే IdentityTheft.gov చూడండి.

తరువాత ఆమె పాత మెసేజ్ తీసేసి ఇది పెట్టింది:

"నమస్తే అండీ. ప్లేనో దగ్గర ఉంటాం. హైదరాబాద్‌లో నాలుగేళ్ళు బ్యాంకింగ్ ప్రాజెక్టుల్లో ఆటోమేషన్ టెస్టింగ్ చేశాను. ఇంకా ఈఏడీ లేదు, కాబట్టి ఇప్పుడు ఉద్యోగం అడగడం లేదు. ఇక్కడ ఇదే పనిలో ఉన్న అక్కలెవరైనా ఒక పదిహేను నిమిషాలు మాట్లాడగలరా? రెజ్యూమె మాట్లాడాక పంపిస్తాను."

ఈసారి జవాబులు గ్రూపులోనే, అందరి ముందే వచ్చాయి.